పాస్‌పోర్టులో పైన ఒక పేరు, కింద మరో పేరు: తప్పు ఎవరిది?

ప్రశ్న: మావారు విదేశీయులు. ఇంటిపేరు Müller-O'Connor. మా పాప పేరు వెంకట లక్ష్మీ ప్రసన్న. పాప పాస్‌పోర్టులో పైన ఇంటిపేరు సరిగ్గానే ఉంది. అడుగున మెషీన్ చదివే వరుసలో మాత్రం MUELLER అనీ OCONNOR అనీ పడింది, ప్రసన్న పేరు సగంలో తెగిపోయింది. మా ట్రావెల్ ఏజెంటు ఆన్‌లైన్ ప్రయాణ అనుమతి ఫారంలో MULLER O CONNOR అని నింపాడు. నేను చూసి సరే అన్నాను. విమానాశ్రయంలో పాప పేరు మీద అనుమతి కనపడటం లేదని ఎక్కనివ్వలేదు. ముగ్గురి టికెట్లూ పోయాయి. మా అత్తగారు మనవరాలిని చూడకుండానే కన్నుమూశారు. ఆ బాధతో నిద్ర పట్టడం లేదు. పాస్‌పోర్టు ఆఫీసు మీద కేసు వేయాలని ఉంది. ఏజెంటేమో పాస్‌పోర్టు పోయిందని రాసిచ్చి కొత్తది తీసుకోమంటున్నాడు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు

జవాబు: పాస్‌పోర్టు ఆఫీసు మీద కేసు వేయకండి, నిలవదు. మీ వ్యవహారాన్ని తేల్చే అంశం ఒక్కటే: అనుమతి ఫారంలో పేరు గడిని ఏ వరుస చూసి నింపారు, ఎవరు నింపారు. పాస్‌పోర్టులో తప్పుందో లేదో ముందు తేల్చుకుంటే మిగతాది దానంతటదే తేలుతుంది.

అడుగున ఉన్న ఆ రెండు వరుసలను ఏ ఆఫీసూ తన ఇష్టం వచ్చినట్టు రాయదు. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ప్రచురించే డాక్యుమెంట్ 9303 అనే ప్రమాణం ప్రకారం రాస్తారు. పాస్‌పోర్టు పుస్తకంలో ఒక్కో వరుసకు 44 స్థానాలు ఉంటాయి. వాటిలో A నుంచి Z వరకు అక్షరాలు, అంకెలు, ఖాళీని సూచించే < గుర్తు తప్ప మరేమీ ఉండకూడదు. చుక్కలున్న Ü గానీ, O'Connor లో O పక్కనున్న పైకొట్టు గుర్తు గానీ, అడ్డగీత గానీ అక్కడ పట్టవు. పైన కంటికి కనిపించే భాగంలో అవి ఉండవచ్చు. అందుకే పైకీ కిందకీ తేడా కనిపిస్తుంది. అది తేడాయే, తప్పు కాదు.

పాప పాస్‌పోర్టు మొదటి వరుస ఇలా ఉండాలి. దేశం కోడ్ స్థానంలో నేను UTO పెట్టాను. అది ఆ ప్రమాణంలోని నమూనాల్లో వాడే కల్పిత దేశం కోడ్, మీ పుస్తకంలో మీ దేశం కోడ్ ఉంటుంది.

```
P<UTOMUELLER<OCONNOR<<VENKATA<LAKSHMI<PRASAN
```

ఇప్పుడు ఒక్కో ముక్కా చూడండి. చుక్కలున్న అక్షరాలను ఎలా మార్చాలో చెప్పే పట్టిక ఆ ప్రమాణంలోనే ఉంది. దాని ప్రకారం Ü ని UE గా రాయవచ్చు. కొన్ని దేశాలు UXX అనీ, ఉత్త U అనీ రాస్తాయి. Ñ ని N గానో NXX గానో రాస్తారు, ß ని SS గా, Ø ని OE గా రాస్తారు. మీ పాప పాస్‌పోర్టు ఇచ్చిన దేశం UE పద్ధతి పాటించింది. కాబట్టి MUELLER సరైనదే. చుక్కలు తీసేసి MULLER అని రాసుకోవడం మీ ఏజెంటు సొంత ఊహ.

పైకొట్టు గుర్తు విషయంలో చాలామంది పొరపడతారు. అడ్డగీత వస్తే దాని స్థానంలో ఒక < పెడతారు, అంటే ఖాళీ వచ్చినట్టు. పైకొట్టు గుర్తు వస్తే దాన్ని తీసేసి రెండు పక్కల అక్షరాలనూ కలిపేస్తారు, మధ్యలో ఖాళీ వదలరు. అందుకే O'Connor కాస్తా OCONNOR అయింది. మీ ఏజెంటు O CONNOR అని విడదీసి రాశాడు. మెషీన్ దృష్టిలో అది O<CONNOR, వేరే పేరు. ఒక్క ఇంటిపేరులోనే రెండు చోట్ల తేడా వచ్చింది కాబట్టి, నంబరుతో పాటు పేరును కూడా పోల్చి చూసే వ్యవస్థలో అనుమతి దొరకకపోవడంలో ఆశ్చర్యం లేదు.

ఇక తెగిపోయిన ప్రసన్న. మొదటి ఐదు స్థానాలు పుస్తకం రకానికీ దేశం కోడ్‌కీ పోగా పేరుకు మిగిలేవి 39. ఇంటిపేరు, మధ్యలో అడ్డగీతకు ఒక <, ఇంటిపేరు ముగిసిందని చెప్పే రెండు << కలిపి 17 అయ్యాయి. వెంకట, లక్ష్మి, వాటి వెంట ఒక్కో < కలిపి 16. మిగిలింది 6. అందులో PRASAN పట్టింది, NA పట్టలేదు. పేరు పట్టనప్పుడు చివర తెంచాలా, వేరే భాగాన్ని కుదించాలా అన్నది పాస్‌పోర్టు ఇచ్చే దేశం నిర్ణయించుకుంటుంది. ఇక్కడ ఒక గుర్తు ఉంది, దాన్ని మీరే చూసుకోవచ్చు. వరుసలో ఆఖరి స్థానంలో అక్షరం ఉంటే పేరు తెగి ఉండవచ్చని అర్థం. < ఉంటే పేరు పూర్తిగా పట్టిందని అర్థం. మీ పాప వరుస N తో ముగిసింది, కాబట్టి తెగిందని ఆ వరుసే చెబుతోంది. పూర్తి పేరు పైన ముద్రించి ఉన్నంతవరకు ఇందులో మీకు జరిగిన నష్టం లేదు.

ఒక మాట కటువుగానే చెప్పాలి. పాస్‌పోర్టు చేతికొచ్చిన రోజే ఈ వరుసను వేలు పెట్టి చదవాల్సింది. రెండో వరుసలో పాస్‌పోర్టు నంబరుకు, పుట్టిన తేదీకి, గడువు తేదీకి సరిచూసే అంకెలు ఉంటాయి, అక్కడ ఒక అంకె తప్పితే మెషీన్ పట్టేస్తుంది. పేరుకు అలాంటి సరిచూసే అంకె ఏదీ లేదు. పేరులో అచ్చుతప్పు పడినా మెషీన్ ఏమీ అనకుండా చదివేస్తుంది. పట్టుకోవాల్సింది మనిషి కన్నే. మీ విషయంలో అచ్చుతప్పు లేదు. కానీ పట్టికలో లేని తేడా ఏదైనా, అంటే అక్షరాలు తారుమారు కావడం, పేరులో ఒక భాగం గల్లంతు కావడం లాంటివి ఉండి ఉంటే, చూడగానే రాతపూర్వకంగా సవరణ అడిగి ఉండాలి. కొన్నేళ్లు ఆ పుస్తకంతోనే ప్రయాణించి ఆ తర్వాత తప్పు అంటే మీ మాట బలం తగ్గుతుంది. అనుమతి ఫారంలోనూ అదే అజాగ్రత్త జరిగింది. సరే అనేముందు పాస్‌పోర్టు పక్కన పెట్టుకుని పోల్చలేదు.

ఏజెంటు చెప్పిన దారి మాత్రం ఏ పరిస్థితిలోనూ తొక్కకండి. మీ దగ్గరున్న పాస్‌పోర్టును పోయిందని రాసిస్తే అది అబద్ధపు ప్రకటన. చాలా దేశాల్లో నేరం. సంతకం మీది కాబట్టి జవాబు చెప్పుకోవాల్సింది మీరే, ఏజెంటు కాదు. పోయిన పాస్‌పోర్టు వివరాలు ఇంటర్‌పోల్ నిర్వహించే పోయిన, దొంగిలించబడిన ప్రయాణ పత్రాల డేటాబేస్‌కు చేరవచ్చు. ఆ తర్వాత పుస్తకం దొరికిందని చెప్పినా దానితో ప్రయాణం కుదరదు. పైగా ఇంత చేసినా మీకు ఒరిగేది ఏమీ లేదు. కొత్త పాస్‌పోర్టులోనూ అదే ఇంటిపేరు, అదే పట్టిక, అవే 39 స్థానాలు. మళ్లీ MUELLER<OCONNOR<<VENKATA<LAKSHMI<PRASAN అనే వస్తుంది. పెన్నుతో దిద్దడం, స్టిక్కర్ అంటించడం లాంటివి కూడా వద్దు. పాస్‌పోర్టులో చిప్ ఉంటే ఇదే వరుస అందులోనూ డిజిటల్ సంతకంతో ఉంటుంది, కాగితం మీద ఏం దిద్దినా చిప్ మారదు.

ఇప్పుడు డబ్బు సంగతి. విమాన సంస్థ మీద మీ కేసు బలహీనం. సరైన ప్రయాణ పత్రాలు తెచ్చుకోవడం ప్రయాణికుల బాధ్యత అని టికెట్ షరతుల్లో సాధారణంగా ఉంటుంది. సిబ్బంది మెషీన్ చూపినదాన్ని బట్టే ఆపారు. అత్తగారు పోయిన బాధ నిజమైనదే, కానీ దాన్ని ముందు పెట్టి వాదిస్తే న్యాయస్థానం అడిగే మొదటి ప్రశ్నకు జవాబు రాదు. ఆ ప్రశ్న: ఫారంలో ఈ స్పెల్లింగ్ ఎవరు టైప్ చేశారు?

ఏజెంటు డబ్బు తీసుకుని ఈ పని చేశాడు కాబట్టి అడగాల్సింది అతన్నే. అతను తప్పకుండా ‘మేడమ్ చూసి ఓకే చేశారు’ అంటాడు. దానికి జవాబుగా మీకు కావలసిన సాక్ష్యం ఇదీ. పాస్‌పోర్టు వివరాల పేజీని మీరు అతనికి పంపిన మెసేజ్ లేదా ఈమెయిల్, అందులో అడుగు వరుసలు స్పష్టంగా కనిపించాలి. అతను నింపిన ఫారం కాపీ. మీకు సరే అనమని పంపినప్పుడు ఏం రాశాడో ఆ సంభాషణ మొత్తం. అతనికి కట్టిన రుసుము రసీదు. వీటికంటే ముఖ్యమైనది ఫారంలోనే పేరు గడి పక్కన ఉండే సూచన. మెషీన్ చదివే వరుసలో ఉన్నట్టే రాయాలని అక్కడ ఉంటే, ఆ సూచన చదివి పాటించడమే అతని వృత్తి. మీరు సరే అన్నందువల్ల నష్టంలో కొంత వాటా మీ మీద పడవచ్చు గానీ, అతని బాధ్యత పూర్తిగా పోదు. ఆ పేజీని ఇవాళే తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. వెబ్‌సైట్లు మారుతుంటాయి.

విమాన సంస్థ నుంచి కూడా ఒక కాగితం కావాలి, వాళ్ల మీద కేసుకు కాదు, ఏజెంటు మీద కేసుకు. పేరు సరిపోలనందువల్లే ఎక్కనివ్వలేదని వాళ్లు రాతపూర్వకంగా చెప్పాలి. కౌంటర్లో నోటిమాటగా చెప్పింది సాక్ష్యంగా నిలబెట్టడం కష్టం.

గడువు విషయంలో ఏమరుపాటు వద్దు. ఏజెంటు మీద దావాకు కాలపరిమితి మీ దేశ చట్టాన్ని బట్టి ఉంటుంది. సాధారణంగా పాపను ఎక్కనివ్వని రోజు నుంచే లెక్క మొదలవుతుంది. ఏజెంటుతో ఫోన్‌లో మాట్లాడుతున్నామనో, వాడు రేపిస్తానన్నాడనో ఆ లెక్క మామూలుగా ఆగదు. విమాన సంస్థ మీద కూడా అడగాలనే పట్టుదల ఉంటే మరో సంగతి తెలుసుకోండి. అంతర్జాతీయ ప్రయాణాలకు వర్తించే 1999 నాటి మాంట్రియల్ ఒప్పందంలోని 35వ అధికరణ నష్టపరిహారపు దావాకు రెండేళ్లే ఇస్తుంది. అసలు ఎక్కనివ్వకపోవడం ఆ ఒప్పందం కిందికి వస్తుందా రాదా అన్న దాని మీద కోర్టుల మధ్య భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. అందుకని మీ దేశ చట్టం ఎక్కువ సమయం ఇస్తున్నా, రెండేళ్లు దాటనివ్వకండి.

ఈసారి అనుమతికి కొత్తగా దరఖాస్తు చేసేటప్పుడు ఇలా నింపండి. ఇంటిపేరు గడిలో << వచ్చే వరకు ఉన్నది, మధ్యలోని < ఖాళీగా మార్చి: MUELLER OCONNOR. ఇచ్చిన పేర్ల గడి దగ్గర ఫారం ఏమంటోందో చదవండి. మెషీన్ వరుసలో ఉన్నట్టే అంటే VENKATA LAKSHMI PRASAN అనే రాయండి, చూడ్డానికి ఎంత వింతగా ఉన్నా సరే. పూర్తి పేరు అంటే VENKATA LAKSHMI PRASANNA రాయండి, కానీ ఇంటిపేరు స్పెల్లింగ్ మాత్రం కింది వరుసదే ఉంచండి. టికెట్ మీదా ఇంటిపేరు ఇదే స్పెల్లింగ్‌లో ఉండాలి. అనుమతి వచ్చాక పాస్‌పోర్టు పక్కన పెట్టి అక్షరం అక్షరం సరిచూసుకుని, ఆ తర్వాతే టికెట్ కొనండి. కొన్ని దేశాలు రిమార్కుల పేజీలో పేరు రెండు రూపాలూ ఒకరివేనని రాసిస్తాయి. మీ పాస్‌పోర్టు ఆఫీసులో ఆ సౌకర్యం ఉందేమో అడగండి. అక్కడికి మీరు వెళ్లాల్సిన పని అదొక్కటే.

ఏజెంటుకు ముందు లీగల్ నోటీసు పంపించండి. కాగితాలన్నీ జత చేసి, టికెట్ల సొమ్ము, అనుమతి రుసుము విడివిడిగా చూపి, జవాబుకు ఒక తేదీ ఇవ్వండి. ఆ తేదీ దాటితే మీ ప్రాంతంలోని వినియోగదారుల ఫోరంలో ఫిర్యాదు వేయండి.