కనిగిరి బోరు నీళ్లతో కిడ్నీలో రాళ్లు వస్తాయా?

మాది కనిగిరి దగ్గర. బోరు నీళ్లు కాస్తే గిన్నెకు తెల్లగా పొర కడుతుంది. కిడ్నీలో రాళ్లు ఈ నీళ్ల వల్లేనా? ఆర్వో నీళ్లకు మారితే తగ్గుతాయా?

ముఖ్య కారణం ఆ నీళ్లు కాదు. గిన్నెకు పట్టేది కాల్షియం కార్బొనేట్. కిడ్నీ రాళ్లలో ఎక్కువ భాగం కాల్షియం ఆక్సలేట్. లీటరుకు 80 మిల్లీగ్రాముల కాల్షియం ఉన్న నీళ్లు మూడు లీటర్లు తాగినా, ఒంట్లోకి వెళ్లేది సుమారు ఒక గ్లాసు పాలలో ఉన్నంతే. పైగా అన్నంతోపాటు చేరిన కాల్షియం, తిండిలోని ఆక్సలేట్‌ను పేగులోనే పట్టేసి, విరేచనంలో బయటికి పంపుతుంది. అందుకే రాళ్ల భయంతో పాలు, పెరుగు మానేయడం తప్పు. ఫ్లోరైడ్ ఎక్కువున్న బోరైతే ఆర్వో వాడండి, అది వేరే సంగతి.

అసలు లెక్క తాగిన నీళ్లది కాదు, పోసిన మూత్రానిది. చీమకుర్తి క్వారీలో ఎండన పనిచేసే మనిషి మూడు లీటర్లు తాగినా, రెండు లీటర్లు చెమటకే పోతే మూత్రం లీటరైనా రాదు. అది చిక్కబడి స్ఫటికాలు కడతాయి. ఒకరోజు పొద్దున మొదటిసారి పోసింది వదిలేసి, మర్నాడు పొద్దుటిదాకా మొత్తం డబ్బాలో పట్టి కొలవండి. రెండున్నర లీటర్లు ఉండాలి. తగ్గితే ఆ తేడా మేరకు నీళ్లు పెంచి, మళ్లీ కొలవండి.

ఒకేసారి చెంబెడు తాగితే గంటలో పోతుంది. గంటకో గ్లాసు మేలు; పడుకునే ముందు ఒకటి తప్పనిసరి, రాత్రే మూత్రం బాగా చిక్కబడుతుంది. నిమ్మరసం మంచిదే, ఉప్పు మాత్రం వేయొద్దు. ఉప్పు మూత్రంలో కాల్షియాన్ని పెంచుతుంది. కూల్‌డ్రింకులు ఈ లెక్కలోకి రావు.

గుండె, కిడ్నీ జబ్బులకు నీళ్లు తగ్గించమన్నవాళ్లు డాక్టర్ని అడక్కుండా పెంచకూడదు. నొప్పితోపాటు చలిజ్వరం వస్తే నీళ్లు తాగుతూ కూర్చోకుండా వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.