అమ్మిన ధర ఎందుకు తగ్గింది, డబ్బు ఎందుకు ఆలస్యమైంది?

ప్రశ్న: మేడమ్, మాది ఒడిశాలోని రాయగడ. బట్టల షాపు ఉంది. విశాఖలో చదువుతున్న మా పాప హాస్టల్ ఫీజు కోసం 2025 ఫిబ్రవరి 18న, మంగళవారం, ఒక కంపెనీవి 100 షేర్లు అమ్మాను. యాప్‌లో ధర 482.50 అని చూసి మార్కెట్ ఆర్డర్ పెడితే నాకు 481.50 చొప్పున పడింది. మర్నాడు డబ్బు వస్తుందన్నారు, బుధవారం రాలేదు. ఆ రోజు మా ఊళ్లో బ్యాంకు తెరిచే ఉంది, షేర్ మార్కెట్ కూడా నడిచింది. షేర్లు చేతిలో లేవు, డబ్బూ లేదు, ఒకటే టెన్షన్. బ్రోకర్ మధ్యలో నొక్కేశాడా?

జవాబు: లేదండీ. మీరు చెప్పిన వివరాల్లో బ్రోకర్ తప్పు ఏమీ కనపడటం లేదు. షేరుకు రూపాయి తగ్గడానికి కారణం మీరు పెట్టిన ఆర్డర్ రకం. డబ్బు ఒక రోజు ఆగడానికి కారణం ముంబైలో సెలవు. ముందు ధర సంగతి చూద్దాం.

యాప్‌లో పెద్ద అక్షరాలతో కనిపించే 482.50 మీకు ఎవరూ ఇస్తానన్న ధర కాదు. అంతకుముందు జరిగిన ఆఖరి లావాదేవీ ఆ ధరకు జరిగింది, అంతే. మీ షేర్లకు ఎంత వస్తుందో చెప్పేది దాని కింద ఉండే మార్కెట్ డెప్త్. అందులో ఒక పక్క కొనేవాళ్ల ధరలు, ఇంకో పక్క అమ్మేవాళ్ల ధరలు, ఒక్కో ధర దగ్గర ఎన్ని షేర్లకు ఆర్డర్లు ఉన్నాయో ఐదేసి వరసల్లో కనిపిస్తాయి. చాలామంది ఆ పేజీ తెరవనే తెరవరు.

మీరు ఆర్డర్ పెట్టిన క్షణంలో కొనేవాళ్ల పక్క ఇలా ఉందనుకోండి. 482 రూపాయలకు 30 షేర్లు కావాలని ఉంది. దాని కింద 481.80కి 25 షేర్లు, ఆ కింద 481కి 200 షేర్లు. మార్కెట్ ఆర్డర్ అంటే 'ఉన్న ధరకు ఇప్పుడే అమ్మేయ్' అని చెప్పడం. ఎక్స్ఛేంజ్ కంప్యూటర్ అందరికంటే ఎక్కువ ఇస్తానన్నవాళ్లతో మొదలుపెడుతుంది. మీ 30 షేర్లు 482 చొప్పున పోయాయి, 14,460 వచ్చింది. అక్కడితో ఆ వరస ఖాళీ. తర్వాత 25 షేర్లు 481.80 చొప్పున 12,045కి పోయాయి. మిగిలిన 45 షేర్లను 481 వాళ్లు తీసుకున్నారు, 21,645. మొత్తం 48,150 రూపాయలు. అంటే సగటున 481.50, సరిగ్గా మీకు పడిన ధర.

ఒకే ధరకు పదిమంది అడిగితే ముందు ఎవరికి? ముందు ఆర్డర్ పెట్టినవాళ్లకి. మొదట ధర, ధర సమానమైతే సమయం. సంతలో బేరంలా ముఖం చూసి ఇచ్చేది కాదిది, అటువైపు ఎవరున్నారో ఇటువాళ్లకు తెలియదు. పెట్టిన ఆర్డర్‌లో ధర మార్చినా, షేర్ల సంఖ్య పెంచినా వరసలో వెనక్కి పోతారు. సంఖ్య తగ్గిస్తే మాత్రం చోటు అలాగే ఉంటుంది.

ఇదంతా నిజంగా ఇలాగే జరిగిందా అని చూసుకోవడానికి మీ కాంట్రాక్ట్ నోట్ ఉంది. ట్రేడ్ జరిగిన 24 గంటల్లోపు బ్రోకర్ దాన్ని మీ ఈమెయిల్‌కు పంపాలి. అందులో సగటు ధర దగ్గరే ఆగిపోకండి. మీ 100 షేర్లు ఎన్ని ముక్కలుగా పోయాయో, ఒక్కో ముక్కకు ట్రేడ్ నంబరు, సమయం, ధర విడివిడిగా ఉంటాయి. అనుమానం తీరకపోతే ఎన్‌ఎస్‌ఈ వెబ్‌సైట్‌లో ట్రేడ్ వెరిఫికేషన్ సదుపాయం ఉంది. కాకపోతే కొద్ది రోజుల్లోపే చూసుకోవాలి. ఎక్స్ఛేంజ్ నుంచి మీ ఫోన్‌కు వచ్చే మెసేజ్‌తోనూ పోల్చుకోండి. నోట్‌లో ఉన్నది అక్కడ కనపడకపోతే అప్పుడు బ్రోకర్‌ను నిలదీయండి. అమ్మిన విలువలో 0.1 శాతం, అంటే మీకు సుమారు 48 రూపాయలు, లావాదేవీ పన్నుగా పోతుంది. బ్రోకరేజీ లాంటి మిగతా ఖర్చులు దానికి వేరే.

మరి ధర మీరే రాసే లిమిట్ ఆర్డర్ పెట్టి ఉంటే? 482కి పెట్టి ఉంటే 30 షేర్లు వెంటనే పోయి, మిగిలిన 70 షేర్లు అమ్మేవాళ్ల పక్క మొదటి వరసలో 482 దగ్గర నిలబడేవి. ఎవరైనా వచ్చి తీసుకుంటే 50 రూపాయలు మిగిలేవి. సాయంత్రం 3.30 వరకూ ఎవరూ రాకపోతే ఆ ఆర్డర్ దానంతట అదే రద్దయ్యేది, ఫీజుకు డబ్బు చాలేది కాదు. అదే 481కి లిమిట్ పెట్టి ఉంటే మీకు వచ్చేది ఇదే 48,150. ఇది చాలామందికి తెలియదు. 481 అని రాస్తే అన్నీ 481కే పోతాయని భయపడతారు. అమ్మేవాడి లిమిట్ అంటే 'ఇంతకంటే తక్కువకు వద్దు' అనే హద్దు మాత్రమే. అప్పటికే వేచి ఉన్న కొనుగోలుదారు ఎక్కువ ధర రాసి ఉంటే ఆ ఎక్కువ ధరే మీకు వస్తుంది. డబ్బు అవసరం ఉండి అమ్మేటప్పుడు నేనైతే మార్కెట్ ఆర్డర్ కంటే దీన్నే ఎంచుకుంటాను. పనీ జరుగుతుంది, ధర మరీ జారకుండా అడ్డూ ఉంటుంది. మీ షేరులో తేడా రూపాయితో పోయింది. రోజుకు కొన్ని వందల షేర్లు కూడా చేతులు మారని చిన్న కంపెనీల్లో మార్కెట్ ఆర్డర్ పెడితే చివరి ముక్కలు ఎక్కడికి జారతాయో చెప్పలేం.

ఇక డబ్బు సంగతి. ఆర్డర్ కుదిరినప్పుడు మీకు దక్కింది ఒప్పందం. షేర్లు, డబ్బు చేతులు మారడం వేరే పని, దాన్ని సెటిల్‌మెంట్ అంటారు. మన దేశంలో ఇప్పుడది ట్రేడ్ జరిగిన మర్నాటి పనిదినాన జరుగుతుంది, అదే టీ+1. 2003 ఏప్రిల్ నుంచి రెండు పనిదినాలు పట్టేది. 2022 ఫిబ్రవరిలో చిన్న కంపెనీలతో మొదలుపెట్టి, 2023 జనవరి 27 నాటికి అన్ని షేర్లనూ ఒక రోజుకు తెచ్చారు.

మంగళవారం మీ ఆర్డర్ కుదరగానే మధ్యలోకి క్లియరింగ్ కార్పొరేషన్ వచ్చింది. మీ షేర్లు కొన్నవాళ్లకు అమ్మింది అదే, మీ దగ్గర కొన్నదీ అదే. కొన్నతని బ్రోకర్ చేతులెత్తేసినా మీ డబ్బు ఇవ్వాల్సిన బాధ్యత దానిదే, అందుకోసం విడిగా గ్యారంటీ నిధి ఉంది. అమ్మేటప్పుడు యాప్ మిమ్మల్ని టీపిన్, ఓటీపీ అడిగి ఉంటుంది. ఆ అనుమతితో షేర్లు మీ డీమ్యాట్‌లోనే బ్లాక్ అవుతాయి, సెటిల్‌మెంట్ వేళకు క్లియరింగ్ కార్పొరేషన్‌కు వెళతాయి. మీరు ‘షేర్లు చేతిలో లేవు’ అని కంగారుపడింది ఈ మధ్య కాలంలోనే. ఆ టీపిన్ పని మధ్యలో వదిలేస్తేనే అసలు చిక్కు. షేర్లు అందక ఎక్స్ఛేంజ్ వేలంలో కొని కొన్నవాళ్లకు ఇస్తుంది, ఆ నష్టం అమ్మినవాళ్ల మీద పడుతుంది. మీకు అలా జరగలేదు.

మామూలుగా అయితే మీ డబ్బు బుధవారం, 19న సెటిల్ కావాలి. ఫిబ్రవరి 19 ఛత్రపతి శివాజీ జయంతి, మహారాష్ట్రలో బ్యాంకులకు సెలవు. షేర్ మార్కెట్ నడిచింది కానీ, డబ్బు మార్చాల్సిన క్లియరింగ్ బ్యాంకులు ముంబైలో మూసి ఉన్నాయి. మన ఒడిశాలో ఆ సెలవు లేదు కాబట్టి రాయగడలో మీ బ్యాంకు తెరిచే ఉంది. మీకు కారణం తోచకపోవడం అందుకే. మంగళవారం ట్రేడ్లు, బుధవారం ట్రేడ్లు రెండూ కలిపి గురువారం, 20న సెటిల్ అయ్యాయి.

దీనికి రెండో వైపూ ఉంది. జూన్‌లో రజ సంక్రాంతికి మన దగ్గర బ్యాంకు మూసేస్తారు, ముంబైలో అది మామూలు రోజే. అప్పుడు మీ సెటిల్‌మెంట్ ఆగదు. కాబట్టి మీ వీధిలో బ్యాంకు చూసి లెక్కలు వేసుకోకండి. ఎన్‌ఎస్‌ఈ వెబ్‌సైట్‌లో ట్రేడింగ్ సెలవుల పట్టిక పక్కనే క్లియరింగ్ సెలవుల పట్టిక విడిగా ఉంటుంది. చూడాల్సింది ఆ రెండోది. దురదృష్టం ఏమిటంటే యాప్‌లు ట్రేడింగ్ సెలవులకు నోటిఫికేషన్ పంపినంత హడావిడిగా ఈ సెలవుల గురించి చెప్పవు.

సెటిల్ అయిన రోజే డబ్బు మీ బ్యాంకులో పడుతుందని కూడా అనుకోకండి. ముందు అది బ్రోకర్ దగ్గర మీ ఖాతాలో చేరుతుంది. అమ్మిన రోజే యాప్‌లో కొంత బ్యాలెన్స్ కనిపిస్తుంది. దానితో వేరే షేర్లు కొనొచ్చు, బ్యాంకుకు మాత్రం తీసుకోలేరు. సెటిల్‌మెంట్ అయ్యాక విత్‌డ్రా చేయదగిన మొత్తం అని చూపిస్తుంది, అప్పుడు మీరు రిక్వెస్ట్ పెట్టాలి. పెట్టకపోతే ఆ డబ్బు అక్కడే కూర్చుంటుంది. మీ విషయంలో గురువారం రిక్వెస్ట్ పెడితే శుక్రవారం, 21న బ్యాంకుకు చేరుతుందని లెక్కపెట్టుకోవాలి. ఏ గంటలోపు పెడితే ఏ రోజు వస్తుందనేది బ్రోకర్‌ను బట్టి మారుతుంది, ఒక్క ఫోన్ చేసి కనుక్కోండి.

అమ్మిన రోజే డబ్బు ఇచ్చే టీ+0 పద్ధతి 2024 మార్చి 28న 25 షేర్లతో మొదలైంది. దానికి ఆర్డర్ల వరస వేరు, అక్కడ కొనేవాళ్లు తక్కువ. ఫీజుల కోసం దాని మీద ఆధారపడమని నేను చెప్పను.

వచ్చేసారి ఫీజు తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టండి. ఫీజు శుక్రవారం కట్టాలంటే డబ్బు గురువారానికే బ్యాంకులో ఉండాలి, బుధవారం సెటిల్ అయి రిక్వెస్ట్ వెళ్లాలి, అంటే సోమవారమో మంగళవారమో అమ్మాలి. మధ్యలో క్లియరింగ్ సెలవు ఉంటే ఇంకో రోజు ముందే అమ్మండి. మార్చి చివర మరీ జాగ్రత్త, ఏప్రిల్ 1న బ్యాంకుల వార్షిక లెక్కల వల్ల సెటిల్‌మెంట్ ఉండదు. 2025లో మార్చి 31 సోమవారం రంజాన్ సెలవు కూడా పడింది. దాంతో 28వ తేదీ శుక్రవారం అమ్మినవాళ్లకు సెటిల్‌మెంట్ ఏప్రిల్ 2 బుధవారం జరిగింది.