పేర్లు తీసేసిన కేసు సారాంశంలోనూ మనిషి తెలిసిపోకుండా ఉండాలంటే

ప్రశ్న: ఉద్యోగుల ఫిర్యాదుల కేసులను సారాంశాలుగా రాసి, ఇతర శాఖల మేనేజర్లు ఉండే సమీక్ష బృందానికి పంపమన్నారు. పేర్లు, ఉద్యోగి నంబర్లు తీసేస్తే సరిపోతుందా?

జవాబు: సరిపోదండి. ఒక మందుల తయారీ సంస్థ హెచ్‌ఆర్ విభాగంలో ఇలాంటి సారాంశాలు చాలాకాలంగా రాస్తున్నాను. పేరు, నంబరు, ఫోను తీసేయడం తేలికే. మిగిలిన వివరాలన్నీ ఒకచోట చేరినప్పుడే మనిషి బయటపడతారు.

ఉదాహరణకు ఈ వాక్యం చూడండి: "ప్రసూతి సెలవు ముగించుకుని మార్చి 14న విధుల్లో చేరిన క్వాలిటీ ల్యాబ్ రాత్రి షిఫ్టు సూపర్‌వైజర్‌ను, రాతపూర్వకంగా కారణం చూపకుండా, మార్చి 19న ప్యాకింగ్‌కు మార్చారు." ఇందులో పేరు లేదు. అయినా రాత్రి షిఫ్టుకు సూపర్‌వైజర్ ఒక్కరే ఉన్న ప్లాంటులో అది ఎవరో అందరికీ తెలుస్తుంది. అందుకే బృందం ఏ విషయం తేల్చాలో నేను ముందుగా అడిగి తెలుసుకుంటాను. బదిలీకి, సెలవుకు సంబంధం ఉందా అన్నదే ప్రశ్న అయితే సెలవు, మధ్య గడిచిన రోజులు, కారణం చూపకపోవడం, ఈ మూడూ ఉండాలి. ల్యాబ్, షిఫ్టు, హోదా, తేదీలు అక్కర్లేదు. అప్పుడు వాక్యం ఇలా మారుతుంది: "ప్రసూతి సెలవు తర్వాత చేరిన ఒక ఉద్యోగిని, రాతపూర్వకంగా కారణం చూపకుండా, వారంలోపే మరో విభాగానికి మార్చారు." ఆ ఏడాది ఆ ప్లాంటులో ప్రసూతి సెలవు తీసుకున్నది ఒక్కరే అయితే, "చట్టప్రకారం లభించే దీర్ఘ సెలవు" అని రాస్తాను.

వాంగ్మూలాల్లోని మాటలను యథాతథంగా ఎత్తిరాయకండి. యాసను బట్టి, ఊతపదాన్ని బట్టి తోటివారు మనిషిని ఇట్టే గుర్తుపడతారు. "చెప్పింది", "అన్నాడు" అని రాస్తే ఆడా మగా తెలిసిపోతుంది కాబట్టి, ఆ భేదం కేసుకు అవసరమైతే తప్ప, "ఫిర్యాదుదారు చెప్పారు" అనే రాయండి.

పీడీఎఫ్‌లో పేరుపై నల్లని పెట్టె గీస్తే, దాని కింద అక్షరాలు అలాగే ఉండిపోవచ్చు. మొత్తం ఎంచుకుని కాపీ చేసి, నోట్‌ప్యాడ్‌లో అతికించి చూడండి. వర్డ్ పత్రంలోనైతే కామెంట్లు, దిద్దుబాట్ల చరిత్ర, రచయిత పేరు మిగిలిపోతుంటాయి కనుక, పాతదాన్ని దిద్దకుండా కొత్త పత్రంలో రాయడం మేలు. ఫైలు పేరును కూడా మరిచిపోకండి.

లైంగిక వేధింపుల కేసులకు ఈ పద్ధతి చాలదు. 2013 నాటి చట్టంలోని 16వ సెక్షన్ ఫిర్యాదులోని విషయాలను, విచారణ వివరాలను సైతం వెల్లడించరాదంటుంది. కాబట్టి న్యాయ సలహా లేకుండా వాటిని బృందానికి పంపకండి.

పంపే ముందు, ప్లాంటు గురించి బాగా తెలిసి, ఆ కేసుతో సంబంధం లేని హెచ్‌ఆర్ సహోద్యోగి ఒకరికి సారాంశం చూపించి, ఎవరో ఊహించమంటాను. వారు సరిగ్గా చెప్పేస్తే మళ్లీ రాస్తాను. అప్పటికీ తెలిసిపోతుంటే దాన్ని విడిగా పంపకుండా, అలాంటి మరి కొన్ని కేసులతో కలిపి, వాటన్నింటిలో కనిపించిన లోపాన్ని మాత్రమే బృందం ముందు పెడతాను.