రెజ్యూమెలో హిందీ స్థాయి ఎలా రాయాలి?

ప్రశ్న: మాది భీమవరం. రొయ్యల వ్యాపారులతో రోజూ ఫోనులో హిందీ మాట్లాడతాను, చదవడం మాత్రం నెమ్మది, రాయడం దాదాపు రాదు. కస్టమర్ సపోర్ట్, అనువాదం ఉద్యోగాలకు "హిందీ: అనర్గళం" అని రాయవచ్చా?

వద్దండి. ఆ ఒక్క మాట మాట్లాడడాన్నీ చదవడాన్నీ రాయడాన్నీ ఒకే గాటన కట్టేస్తుంది. భాష ఎంత వచ్చో కొలిచే ఐరోపా వారి సీఈఎఫ్ఆర్ కొలమానంలో అన్నిటికన్నా కిందిదైన ఏ1 నుంచి పైదైన సీ2 వరకు ఆరు స్థాయులున్నాయి. ఒక్కో నైపుణ్యానికి విడిగా స్థాయి ఇవ్వవచ్చు. మీరైతే ఇలా రాయండి: "హిందీ: వినడం, మాట్లాడడం బీ1, చదవడం ఏ2, రాయడం ఏ1 (స్వీయ అంచనా)".

బీ1 ఎందుకంటే, ధర, ఐసు, లారీ ఆలస్యం మీకు రోజూ నలిగిన విషయాలు. ఖాతాలో డబ్బు రెండుసార్లు కోత పడిందని కొత్త మనిషి కోపంగా చెబితే, తడబడకుండా విని కారణం వివరించగలరా? అలాంటి తెలియని సంగతుల్లోనూ నిలబడగలిగితే బీ2 వేసుకోండి. అప్పుడు కాల్స్ ఉద్యోగానికి ధైర్యంగా వెళ్లవచ్చు. చాట్ సపోర్ట్‌కు మాత్రం కుదరదు, అక్కడ పనంతా రాతే.

అనువాదానికి దిశ కూడా చెప్పాలి: "ఇంగ్లీషు నుంచి తెలుగులోకి". వృత్తి అనువాదకులు సాధారణంగా మాతృభాషలోకే చేస్తారు. హిందీని ఆ వరుసలో చేర్చకండి, నమూనా పేరా చేతికిచ్చిన క్షణమే తేలిపోతుంది.