రెండు నెలల పనికి పోస్టరు ఎందుకు అనుకుంటున్నారా?

*మా అమ్మాయి బీఎస్సీ కెమిస్ట్రీ చదువుతోంది. వేసవిలో రెండు నెలలు ఒక ల్యాబులో ఇంటర్న్‌షిప్ చేసి, నల్లగొండ జిల్లా బోరు నీళ్లలో ఫ్లోరైడ్ కొలిచింది. అనుకున్న ఫలితం రాలేదట. విద్యార్థి సదస్సుకు చేసిన పనిని 250 పదాల్లో చెప్పే అబ్‌స్ట్రాక్ట్, పోస్టరు అడిగారు. ఇంత చిన్న పనితో వెళ్తే నవ్వుతారేమో! దీనికన్నా డబ్బు కట్టి అంతర్జాతీయ జర్నల్లో పేపరు వేయించడం మేలా? అమ్మాయి రాసిన ముసాయిదా జతచేశాను. పోస్టరు డిజైనరుతో చేయిద్దామనుకుంటున్నాం. — ఒక తండ్రి, కూకట్‌పల్లి*

ఎవరూ నవ్వరు. విద్యార్థి సదస్సుకు వచ్చేవారు ఆవిష్కరణ కోసం చూడరు. ఈ అమ్మాయి తాను చేసిన పనిని తాను అర్థం చేసుకుందా అని చూస్తారు.

ముసాయిదా చదివాను. అందులో సగం ఫ్లోరోసిస్ ఎంత తీవ్రమైన సమస్యో చెప్పడానికే సరిపోయింది. చివర 'ఫలితాలు చర్చించబడతాయి' అని ఉంది. ఎంపిక చేసేవారిని నిరాశపరిచేది ఆ వాక్యమే. కొలిచిన అంకెలు చేతిలో ఉండగా దాచడం ఎందుకు? అనుకున్నది రాలేదన్న సిగ్గుతో దాచింది. నేనైతే ఆమె అంకెలతోనే ఇలా రాయమంటాను:

'లోతైన బోర్లలో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉంటుందన్న అంచనాను పరీక్షించాం. మే, జూన్ నెలల్లో 30 బోర్ల నీటిని ఫ్లోరైడ్ ఎలక్ట్రోడ్‌తో కొలిచాం. 60 మీటర్లలోపు లోతున్న 16 బోర్లలో 6, అంతకన్నా లోతైన 14 బోర్లలో 5 లీటరుకు 1.5 మిల్లీగ్రాముల పరిమితిని దాటాయి. లోతును బట్టి తేడా కనిపించలేదు. నమూనాలు తక్కువ, వానాకాలపు కొలతలు లేవు.'

దీనికి ముందు నేపథ్యం రెండు వాక్యాలు చాలు. 'తేడా కనిపించలేదు' అన్నదీ ఫలితమే. అయితే 30 బోర్లతో 'తేడా లేదు' అని తేల్చి చెప్పకూడదు. ఆ రెండు మాటల మధ్య అంతరాన్ని అమ్మాయి వివరించగలిగితే, పరీక్షకులు ఆమెను గుర్తుపెట్టుకుంటారు. పంపే ముందు గైడుకు చూపించి, అనుమతి తీసుకోవాలి. రచయితల పేర్ల వరుస కూడా ఆయనతోనే తేల్చుకోవాలి. ఆ కొలతలు ల్యాబువి కూడా.

ఇక డబ్బు కట్టే జర్నల్ సంగతి. ఈ మోజు చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది. ఒక్క రోజులో అంగీకార పత్రం వచ్చిందంటే, పేపరును ఎవరూ చదవలేదని అర్థం. రసాయన శాస్త్రం, మార్కెటింగ్, యోగా అన్నీ ఒకే సంచికలో వేస్తుంటే, దిద్దుబాటు సూచనలు ఒక్కటీ పంపకుండా ఫీజు అడుగుతుంటే దూరంగా ఉండండి. నష్టం డబ్బుతో ఆగదు. పూర్తి పేపరు ఒకసారి అచ్చయితే అదే పనిని మంచి జర్నల్‌కు పంపే వీలుండదు. సదస్సు అబ్‌స్ట్రాక్ట్‌ను చాలా జర్నళ్లు ముందస్తు ప్రచురణగా లెక్కించవు. రేపు వానాకాలపు కొలతలు కూడా చేరితే ఆ దారి తెరిచే ఉంటుంది.

డిజైనరు ఆలోచన మానుకోండి. కొంచెం కఠినంగానే చెబుతున్నాను: ఇంటర్న్‌షిప్ చేసింది మీరు కాదు. ఏ బొమ్మ పెద్దదిగా ఉండాలో తేల్చుకోవడమే ఆమె నేర్చుకోవలసిన పని. దాన్ని కొనిచ్చారంటే, పోస్టరు ముందు నిలబడి 'ఈ గ్రాఫు ఇలా ఎందుకు గీశావు?' అని అడిగినప్పుడు ఆమె దగ్గర జవాబు ఉండదు.

ముందుగా బోర్డు కొలత, నిలువో అడ్డమో నిర్వాహకులను అడగమనండి. ఏ0 అన్నారంటే 841 × 1189 మిల్లీమీటర్లు. ప్రెజెంటేషన్ సాఫ్ట్‌వేర్‌లో పేజీ కొలత మొదటే పెట్టుకోవాలి. చివర్లో మారిస్తే అమరికంతా చెదురుతుంది. శీర్షికలో 'ఫ్లోరైడ్ అధ్యయనం' అని కాక, 'బోరు లోతుతో ఫ్లోరైడ్ మారుతున్నట్లు కనిపించలేదు' అని కనుగొన్నదే రాయాలి. నడుమ ఒకే పెద్ద గ్రాఫు: అడ్డంగా లోతు, నిలువుగా ఫ్లోరైడ్, 30 చుక్కలు, 1.5 దగ్గర ఒక ఎర్ర గీత. దూరం నుంచి చూసినవారికి కూడా కథ అక్కడే తెలిసిపోతుంది. పద్ధతికి ఒక చిన్న పెట్టె, పరిమితులకు మరొకటి. అబ్‌స్ట్రాక్ట్‌ను పోస్టరు మీద మళ్లీ అతికించనక్కరలేదు.

అక్షరాలు 24 పాయింట్లకు తగ్గకూడదు. దీనికి సులువైన పరీక్ష ఉంది: మొత్తం పోస్టరును ఒక ఏ4 కాగితం మీద ముద్రించి చూడండి. ఏ0 అందులో నాలుగో వంతుకు కుదించుకుపోతుంది కాబట్టి 24 పాయింట్లు 6 అవుతాయి. ఆ కాగితాన్ని చేతిలో పట్టుకుని కష్టపడకుండా చదవగలిగితే సరే, లేకపోతే మాటలు తగ్గించాలి. ఫొటోలను వాట్సాప్‌లో పంపుకోవద్దు, కుదించుకుపోయి ముద్రణలో మసకబారతాయి. దుకాణానికి పీడీఎఫ్ ఇవ్వండి. మెరిసే ఫ్లెక్సీ మీద హాలు దీపాలు ప్రతిఫలిస్తాయి, మ్యాట్ కాగితం అడగండి. సదస్సుకు రెండు రోజుల ముందే ముద్రిస్తే, తప్పు కనిపించినా మళ్లీ వేయించడానికి వీలుంటుంది.

ఆ రెండు రోజుల్లో మీరు చేయగలిగిన సాయం ఒకటుంది. పోస్టరు గోడకు ఆనించి, రెండు నిమిషాల్లో చెప్పమని ఆమెను అడగండి. మీకు కెమిస్ట్రీ రాకపోతే మరీ మంచిది. అర్థం కాని చోట ఆపి, 'అంటే ఏమిటమ్మా?' అనండి.