అమ్మకాలు తగ్గితే లాభం ఎంత పడిపోతుంది?

పలాసలో మా జీడిపప్పు యూనిట్‌కు స్థిర ఖర్చులూ ఉన్నాయి, బ్యాంకు అప్పూ ఉంది. అమ్మకాలు పడిపోతే లాభానికి ఎంత ముప్పో రెండూ కలిపి ఎలా చూడాలి?

ఏడాదికి అమ్మకాలు 100 లక్షలు, జీడిపిక్కలు, పీసు కూలి వంటి చర ఖర్చులు 80, అద్దె, జీతాలు 10, వడ్డీ 5 లక్షలు అనుకుందాం. అమ్మకాల్లో చర ఖర్చులు పోగా మిగిలే కాంట్రిబ్యూషన్ 20, వడ్డీకి ముందు లాభం 10 కనుక, స్థిర ఖర్చుల వల్ల లాభం ఎన్ని రెట్లు ఊగుతుందో చెప్పే ఆపరేటింగ్ లీవరేజ్ 20ని 10తో భాగిస్తే 2. వడ్డీ కట్టాక మిగిలేది 5 కనుక, వడ్డీ వల్ల ఆ ఊపు ఇంకా ఎన్ని రెట్లు పెరుగుతుందో చెప్పే ఫైనాన్షియల్ లీవరేజ్ కూడా 10ని 5తో భాగిస్తే 2. ఈ రెండింటినీ కూడకూడదు, గుణించాలి, కాబట్టి మొత్తం 4. అంటే అమ్మిన సరుకు 10 శాతం తగ్గితే కాంట్రిబ్యూషన్ 18కి దిగి, లాభం 5 నుంచి 3 లక్షలకు, అంటే 40 శాతం పడిపోతుంది. 25 శాతం తగ్గితే ఏమీ మిగలదు.

అయితే ఈ 4 సరుకు పరిమాణం తగ్గినప్పుడే వర్తిస్తుంది. జీడిపప్పు వ్యాపారంలో అసలు భయం ధరదే: పిక్కలు కొన్నాక పప్పు ధర 10 శాతం పడితే చర ఖర్చు 80 దగ్గరే నిలిచి, 5 లక్షల నష్టం వస్తుంది.