పరీక్షల ముందు పాడే పాట గురించి

రాజోలు

తమ్ముడూ,

మీ హైస్కూలు పిల్లల కోసం నువ్వు రాసిన ప్రార్థన అందింది. ఉదయం అసెంబ్లీలో నిలబడి పాడుకుంటున్నట్టు ఊహించుకుంటూ, చేత్తో తాళం వేస్తూ చదివాను. మొదటి పంక్తిలోనే చెయ్యి ఆగిపోయింది.

‘విద్యాప్రదాయినీ విజయమునొసగవె’ అన్నావు. నాలుగేసి మాత్రలకు ఒక దెబ్బ వేసి చూడు. విద్యా, ప్రదాయి, నీవిజ, యమునొస అని విరుగుతుంది. ‘విజయము’ అన్న మాట రెండు ముక్కలై, ఒక్కో ముక్క పక్క మాటకు అతుక్కుంది. పెద్దవాళ్లు అర్థం పట్టుకుని సర్దుకుంటారు. ఆరో తరగతి పిల్లలు మాత్రం తాళం ఎక్కడ విరిస్తే అక్కడే విరిచి పాడతారు, అర్థం వాళ్లకు చేరదు. అందుకే పిల్లల పాటలో మాట చివరా, దెబ్బ చివరా వీలైనంతవరకు ఒకచోటే పడాలి.

ఇక ‘మొదటి ర్యాంకుతో నిలుపవే’ అన్న పంక్తి తీసెయ్. ఆ వరుసలో నిలబడి పాడేవాళ్లలో ఒక్కరికే దొరికేదాన్ని అందరిచేతా అడిగించకూడదు. ‘భయమును పారద్రోలవే’ కూడా వద్దు. టెన్షన్‌లో ఉన్న పిల్లవాడి నోట భయం అన్న మాట పలికించామంటే దాన్ని మనమే గుర్తు చేసినట్టు. పరీక్ష హాల్లో వాడికి నిజంగా కావలసినవేమిటి? మనసు కుదురుగా ఉండటం, చదివింది గుర్తుకు రావడం, తెలియని ప్రశ్న వచ్చినప్పుడు కంగారుపడకుండా ముందుకు పోవడం. పాట ఆ మూడూ అడిగితే చాలు. ఇలా రాసి చూశాను:

దేవా మనసుకు నెమ్మది ఇవ్వు
చదివినదంతా గురుతుకు రానీ

తొందర లేకనె ప్రశ్నను చదివి
తెలిసిన మాటను చక్కగ రాసి
తెలియని చోటున ఓర్పుగ నిలిచి
సాగే మాకిక తోడుగ ఉండు

దెబ్బకు నాలుగు మాత్రలు, పంక్తికి నాలుగు దెబ్బలు. ‘ఇవ్వు’, ‘చదివి’, ‘రాసి’ లాంటి చోట్ల మూడు మాత్రలే ఉన్నాయి. ఆ మిగిలిన ఒక్క మాత్రలో పిల్లలు ఊపిరి తీసుకుంటారు. నీ పాటలో ఊపిరికి చోటే లేదు. ‘రానీ’ దగ్గర మాత్రం జాగ్రత్త. అక్కడ దీర్ఘాన్ని బాణీ కత్తిరిస్తే ‘గురుతుకు రాని’ అయిపోయి, అడిగినదానికి సరిగ్గా ఎదురర్థం వస్తుంది. ఆ అక్షరం మీద స్వరం నిలపాలి.

‘దేవా’ అనే పిలిచాను. మీ బడిలో గుడికి వెళ్లే పిల్లలు, చర్చికి వెళ్లేవాళ్లు, మసీదుకు వెళ్లేవాళ్లు పక్కపక్కనే నిలబడతారు. ఎవరి దేవుణ్ణి వాళ్లు తలుచుకోవడానికి ఆ పిలుపు చాలు. గోదారి తల్లి మీద నువ్వు రాసిన రెండు పంక్తులు నాకు చాలా నచ్చాయి. కానీ అవి వార్షికోత్సవం పాటకు దాచు. ఇక్కడ పిల్లల ధ్యాస కాలువ గట్టు మీదికి పోకూడదు.

బాణీ మోహనంలో కట్టుకో. స రి గ ప ద, ఐదు స్వరాలే. సంగీతం రాని పిల్లల గొంతు కూడా తేలిగ్గా పట్టుకుంటుంది. పై షడ్జమం మాత్రం తాకొద్దు, ‘ద’ దగ్గరే ఆగు. తొమ్మిది, పది తరగతుల మగపిల్లలకు గొంతు మారే వయసు. పైకి వెళితే కొందరు అరుస్తారు, ఇంకొందరు సిగ్గుపడి పెదవులు మాత్రమే కదుపుతారు. ఆదితాళంలో ఎనిమిది లెక్కలకు ఒక పంక్తి, అంటే దెబ్బకు రెండు లెక్కలు. లెక్కకు సెకను చొప్పున నడిపించు. మొదట పల్లవి రెండుసార్లు, తర్వాత చరణం, మళ్లీ పల్లవి. మొత్తం పది పంక్తులు, నిమిషంన్నరలోపే అయిపోతుంది. అంతకన్నా పొడిగించకు.

ఇంకో సంగతి. పదో తరగతి పరీక్ష రోజున పిల్లలు చాలామంది వేరే ఊరి సెంటర్‌కు వెళ్తారు. అక్కడ అసెంబ్లీ ఉండదు, నీ హార్మోనియమూ ఉండదు. ఆటోలోనో, గేటు దగ్గరో, లోగొంతుకతో ఎవరికి వాళ్లు పాడుకోవాలి. అందుకని సంక్రాంతి సెలవులు అవగానే మొదలుపెట్టు. మార్చి వచ్చేసరికి కాగితం అక్కర్లేకుండా రావాలి.

ముందు ఆరో తరగతిలో పరీక్షించు. రెండుసార్లు పాడి వినిపించి, పలక మీద ఏమీ రాయకుండా తిరిగి పాడమను. అందరూ ఒకేచోట తడబడితే ఆ పంక్తి మార్చు, పిల్లల్ని దిద్దకు. మాట మధ్యలో ఊపిరి తీసుకుంటున్నారేమో కూడా గమనించు. ‘సాగే మాకిక’ దగ్గర నాకు ఇంకా కొంచెం అనుమానంగానే ఉంది. ‘మాకిక’ నోటికి సరిగ్గా తిరగకపోతే ‘సాగే మాకూ’ అని పెట్టుకో, మాత్రలు సరిపోతాయి.

పాడించాక వాళ్లు ఎక్కడ ఆగారో, మగపిల్లలకు ‘ద’ అందిందో లేదో రాయి. దాన్నిబట్టి బాణీ ఇంకొంచెం కిందికి దించుదాం.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య